Active అని చూపినా దిగని ఫైళ్లు: కొత్త రిమోట్ ఉద్యోగి మొదటిరోజు వీపీఎన్ పరీక్షపై ఒక కేస్ స్టడీ

ఇంటి నుంచి పనిచేయబోయే కొత్త ఉద్యోగికి మా ఐటీ సహాయ విభాగం మొదటిరోజున ఇచ్చే వీపీఎన్ జాబితాలో ఒకప్పుడు నాలుగే అంశాలు ఉండేవి. క్లయింట్‌ను ఇన్‌స్టాల్ చేయాలి, కాన్ఫిగరేషన్ ఫైలును అందులోకి తీసుకోవాలి, Activate నొక్కి తెరపై Active అన్న మాట కనిపించేదాకా చూడాలి, ఆ తర్వాత కంపెనీ లోపలి పరీక్ష పేజీని బ్రౌజర్‌లో తెరవాలి. ఈ నాలుగింటికీ సక్రమంగా టిక్ పెట్టి పంపిన ఒక ఉద్యోగిని, ఆ రోజు సాయంత్రం వరకు ఒక్క ఫైలును కూడా ల్యాప్‌టాప్‌లోకి దించుకోలేకపోయారు. ఆమె ఏ అంశాన్నీ వదిలేయలేదు, ఏదీ తప్పుగా చేయలేదు. జాబితా అడిగినవన్నీ నిజంగానే పనిచేస్తున్నాయి. అడగనిది మాత్రం పనిచేయడం లేదు. ఆ అడగనిది ఏమిటో, దాన్ని ఎలా పట్టుకున్నామో, ఇప్పుడు జాబితా ఏ వరుసలో ఉందో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా మా ఏర్పాటు గురించి క్లుప్తంగా చెప్పాలి. మేము వాడే క్లయింట్ వైర్‌గార్డ్ ప్రోటోకాల్‌పై నడుస్తుంది. కంపెనీ లోపలి సర్వర్లన్నీ 10.20.0.0/16 పరిధిలో ఉంటాయి, ఆ పరిధికి వెళ్లే రద్దీ మాత్రమే టన్నెల్‌లోకి, అంటే కంపెనీ గేట్‌వేకు చేరే గుప్తీకరించిన దారిలోకి వెళుతుంది, చాట్, ఈమెయిల్, మిగతా ఇంటర్నెట్ అంతా ఉద్యోగి ఇంటి కనెక్షన్ మీదే నేరుగా నడుస్తాయి. ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్. ల్యాప్‌టాప్‌ను పంపే ముందు ఆఫీసు నుంచి వేరే ఇంటర్నెట్ లైనుకు కలిపి, అదే క్లయింట్‌తో ఫైలు కాపీ చేసి చూశారు కూడా. అక్కడ ఏ ఇబ్బందీ రాలేదు.

ఉద్యోగిని ఫోన్‌లో చెప్పిన మాట ఇది: “పింగ్‌కు జవాబు వస్తోందండీ, పరీక్ష పేజీ కూడా వెంటనే వచ్చింది, కానీ ఫైళ్ల పోర్టల్ తెరిస్తే తిరుగుతూనే ఉంది, ఏ ఎర్రరూ చూపించడం లేదు.” ఈ ఒక్క వాక్యంలోనే కేసు మొత్తం ఉంది. చిన్నవి వస్తున్నాయి, పెద్దవి రావడం లేదు, ఎర్రరు కూడా లేదు. పాస్‌వర్డ్ తప్పయితే తిరస్కరణ కనిపిస్తుంది, ఫైర్‌వాల్ ఒక పోర్టును మూసి ఉంటే ఆ సర్వర్‌కు అసలు కనెక్షనే ఏర్పడదు, పేరు తెలియకపోతే బ్రౌజర్ ఆ విషయమే చెబుతుంది. కనెక్షన్ ఏర్పడిన తర్వాత మధ్యలో నిశ్శబ్దంగా ఆగిపోవడం అన్నది వీటన్నిటికీ వేరైన లక్షణం.

అయినా మేము మొదట సాధారణ కారణాలనే తొలగించుకుంటూ వెళ్లాం. వైర్‌గార్డ్‌లో Active అంటే ల్యాప్‌టాప్‌లో టన్నెల్ ఇంటర్‌ఫేస్ లేచిందని మాత్రమే అర్థం, అవతలి గేట్‌వే పలికిందని కాదు. గేట్‌వే చిరునామా తప్పుగా ఉన్నా, అసలు గేట్‌వే ఆగిపోయి ఉన్నా ఆ మాట అలాగే కనిపిస్తుంది. చూడాల్సింది దాని కింద ఉండే Latest handshake అనే వరుస. రద్దీ నడుస్తున్నంత సేపు సుమారు రెండు నిమిషాలకు ఒకసారి ల్యాప్‌టాప్, గేట్‌వే తాళాలు మార్చుకునే కొత్త హ్యాండ్‌షేక్ జరుగుతుంది కనుక, ఏదైనా తెరుస్తూ ఉండగా అక్కడి సమయం అంతకు మించి పెరుగుతూ పోతే టన్నెల్ తెగిందని భావించవచ్చు. ఆమె తెరపై ఆ సమయం సరిగానే ఉంది.

తర్వాత ఇంటి నెట్‌వర్క్ పరిధి చూశాం. ఇంటి రౌటర్లు ఎక్కువగా 192.168.0.0/24 లేదా 192.168.1.0/24 పరిధిని ఇస్తాయి. కంపెనీ సర్వర్లు కూడా అదే పరిధిలో ఉంటే ల్యాప్‌టాప్ వాటిని ఇంట్లోనే వెతుకుతుంది. మా లోపలి పరిధి వేరు కనుక ఆ చిక్కు ఇక్కడ లేదు. పేర్లు కూడా సరైన చిరునామాలకే వెళుతున్నాయి. ఈ చివరి పరీక్షకు సంబంధించి ఒక సంగతి గుర్తుంచుకోవాలి. టన్నెల్ డీఎన్ఎస్‌ను విండోస్‌లో ఏ పేరును ఏ సర్వర్‌ను అడగాలో చెప్పే ఎన్‌ఆర్‌పీటీ నియమాల ద్వారా అమర్చిన చోట nslookup ఆ నియమాలను పట్టించుకోదు, కాబట్టి బ్రౌజర్‌కు దొరుకుతున్న పేరు కూడా దానికి దొరకనట్టు చూపిస్తుంది. అందుకే మేము Resolve-DnsName వాడమంటాం.

ఇక మిగిలింది ప్యాకెట్ పరిమాణం. విండోస్‌లో మామూలుగా పంపే పింగ్ మోసే డేటా 32 బైట్లు మాత్రమే, కనుక దానికి జవాబు రావడం వల్ల దారి ఉందని తెలుస్తుందే గానీ ఆ దారి ఎంత వెడల్పో తెలియదు. మా పాత పరీక్ష పేజీ కూడా అంతే. అది హెచ్‌టీటీపీఎస్ లేని, కొన్ని వందల బైట్ల పేజీ, మొత్తం ఒకే చిన్న ప్యాకెట్‌లో వచ్చేస్తుంది. ఫైళ్ల పోర్టల్ అలా కాదు. అది హెచ్‌టీటీపీఎస్ సైటు కనుక మొదటి మాటలోనే సర్వర్ తన సర్టిఫికెట్ల గొలుసును పంపాలి, అది ఒక ప్యాకెట్‌లో పట్టదు. అంటే నిండు ప్యాకెట్ ఒకటి రాక తప్పదు. అది రాకపోతే పేజీలో ఒక్క అక్షరమైనా కనిపించకముందే ఆట ఆగిపోతుంది.

అందువల్ల ప్యాకెట్‌ను మధ్యలో ముక్కలు చేయవద్దన్న షరతుతో, కావలసిన పరిమాణంలో పింగ్ పంపమని కోరాం. ఆమె రెండు ఆదేశాలను నడిపారు.

```
ping -f -l 1352 10.20.0.10
ping -f -l 1392 10.20.0.10
```

ఇక్కడ ఇచ్చే సంఖ్య లోపలి డేటాది. దానికి ఐపీ హెడర్ 20 బైట్లు, పింగ్ వాడే ఐసీఎంపీ ప్రోటోకాల్ హెడర్ 8 బైట్లు కలుస్తాయి. కాబట్టి మొదటిది 1380 బైట్ల ప్యాకెట్, రెండోది 1420 బైట్ల ప్యాకెట్. టన్నెల్ ఇంటర్‌ఫేస్ ఎంటీయూ, అంటే అది ఒక్కసారిగా మోయగల గరిష్ఠ పరిమాణం, సరిగ్గా 1420. మొదటి ఆదేశానికి ప్రతిసారీ జవాబు వచ్చింది, రెండోదానికి ప్రతిసారీ Request timed out అని వచ్చింది.

ఆ మాటను జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే ఇదే చోట విండోస్ చెప్పగలిగే మరో మాట ఉంది. Packet needs to be fragmented but DF set అని వస్తే, ఈ పరిమాణం పట్టదన్న సంగతి ల్యాప్‌టాప్‌కు తెలుసని, ప్యాకెట్‌ను చిన్నదిగా చేసుకోగలదని అర్థం. అది వ్యవస్థ ఆరోగ్యంగా ఉందనడానికి సూచన. Request timed out అయితే ప్యాకెట్ బయలుదేరింది, ఎక్కడో పడిపోయింది, పడిపోయిందన్న కబురు ఎవరికీ అందలేదు. మొదటిరోజు పరీక్షలో ఉద్యోగి ఈ రెండు మాటల్లో ఏది వచ్చిందో ఉన్నదున్నట్టు రాసి పంపితే సహాయ విభాగం పని చాలావరకు పూర్తయినట్టే. “పింగ్ రాలేదు” అని రాస్తే మళ్లీ మొదటి నుంచి అడగాల్సి వస్తుంది.

ప్యాకెట్ ఎక్కడ పడిపోతోందో తెలుసుకోవడానికి కాస్త లెక్క అవసరం. లోపలి ప్యాకెట్‌ను వైర్‌గార్డ్ గుప్తీకరించి బయటి ప్యాకెట్‌లో పెట్టేటప్పుడు, బయటి దారి ఐపీవీ4 అయితే 60 బైట్లు, ఐపీవీ6 అయితే 80 బైట్లు అదనంగా చేరతాయి. వైర్‌గార్డ్ సాధారణంగా 1420 అనే సంఖ్యను ఎంచుకోవడానికి కారణం ఇదే. ఈథర్‌నెట్ మోసే 1500 బైట్ల నుంచి ఎక్కువ ఖర్చయ్యే 80ని తీసేస్తే మిగిలేది 1420. అయితే ఉద్యోగిని ఇంటి కనెక్షన్ పీపీపీఓఈ అనే లాగిన్ పద్ధతి మీద నడుస్తోంది. అది ప్రతి ప్యాకెట్‌లోనూ 8 బైట్లు తీసుకుంటుంది కనుక ఆ లైను మోయగలిగేది 1492 బైట్లే. పైగా ఆమె ఇంటికి ఐపీవీ6 కూడా ఉంది, మా గేట్‌వే పేరుకు రెండు రకాల చిరునామాలూ ఉన్నాయి, క్లయింట్ ఐపీవీ6ను ఎంచుకుంది. క్లయింట్‌లోని Endpoint వరుసలో చదరపు బ్రాకెట్ల మధ్య పొడవైన చిరునామా కనిపించడమే దానికి గుర్తు. అంటే నిండు ప్యాకెట్ బయటికి వచ్చేసరికి 1420కి 80 కలిసి 1500 అవుతుంది, 1492 మాత్రమే పట్టే లైనుకు అది ఎనిమిది బైట్లు ఎక్కువ.

ఎనిమిది బైట్లు ఎక్కువైనంత మాత్రాన అన్నీ ఆగిపోకూడదు. ఐపీవీ6లో దారి మధ్యనున్న రౌటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయవు. పట్టని ప్యాకెట్‌ను పారేసి, దాన్ని పంపిన యంత్రానికి “ఇంత పరిమాణమే పడుతుంది” అని ఐసీఎంపీవీ6 టైప్ 2 సందేశం పంపుతాయి, పంపిన యంత్రం దాని ప్రకారం సర్దుకుంటుంది. మా గేట్‌వే నుంచి ఉద్యోగిని ఇంటివైపు బయలుదేరిన 1500 బైట్ల ప్యాకెట్లను ఆమె ఇంటర్నెట్ సంస్థ అంచునున్న రౌటర్ పారేసి, ఆ సందేశాన్ని మా వైపు పంపుతోంది. కానీ గేట్‌వే ముందున్న మా ఫైర్‌వాల్‌లో, బయటినుంచి వచ్చే ఐసీఎంపీ అంతటినీ ఆపే పాత నియమం ఒకటి ఉంది. కబురు గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోతోంది, గేట్‌వే అదే పరిమాణంలో మళ్లీ మళ్లీ పంపుతోంది. 2007లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 4890 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఈ సందేశాన్ని ఫైర్‌వాల్‌లో ఆపకూడదని స్పష్టంగా చెబుతుంది. ఐపీవీ4 కాలపు అలవాటుతో రాసిన నియమాలను ఐపీవీ6కు యథాతథంగా పొడిగించిన చోట్లలో ఇప్పటికీ ఈ లోపం కనిపిస్తుంది.

ఇది ఊహగా మిగలకుండా ఒక పరీక్ష చేశాం, ఈ కేసులో నాకు అన్నిటికంటే నమ్మకమిచ్చిన అడుగు అదే. కాన్ఫిగరేషన్‌లో Endpoint దగ్గర గేట్‌వే పేరు తీసేసి దాని ఐపీవీ4 చిరునామాను పెట్టించాం, మరేదీ మార్చలేదు. ఇప్పుడు 1420కి 60 కలిస్తే 1480, అది 1492లో హాయిగా పడుతుంది. 1392 పింగ్‌కు వెంటనే జవాబు వచ్చింది, ఫైళ్ల పోర్టల్ తెరుచుకుంది. పేరును తిరిగి పెట్టగానే, క్లయింట్ మళ్లీ ఐపీవీ6ను ఎంచుకోగానే, పోర్టల్ ఆగిపోయింది. కారణం ఒక్కదాన్నే మార్చినప్పుడు ఫలితం రెండు వైపులా మారితేనే ఆ కారణాన్ని ఖాయం చేసుకోవాలి. అన్ని సెట్టింగులనూ ఒకేసారి కదిపి ఏదో ఒకటి పనిచేసిందని వదిలేస్తే, మరో ఇంట్లో అదే సమస్య కొత్త రూపంలో ఎదురవుతుంది. ఆఫీసు పరీక్షలో ఈ లోపం ఎందుకు బయటపడలేదో కూడా దీనితో తేలిపోయింది. ఆ లైను పూర్తి 1500 మోస్తుంది, అక్కడ ఐపీవీ6 అయినా సరిపోతుంది.

ఆ రోజుకు ఉద్యోగిని పని సాగడానికి కాన్ఫిగరేషన్‌లో ఒక వరుస చేర్చాం.

```
[Interface]
MTU = 1380
```

ల్యాప్‌టాప్ వైపు మాత్రమే పరిమాణం తగ్గిస్తే, అవతలినుంచి వచ్చే పెద్ద ప్యాకెట్లు ఎలా చిన్నవవుతాయన్న సందేహం సహజం. టీసీపీ కనెక్షన్ మొదలయ్యేటప్పుడు ప్రతి వైపూ తాను ఎంత పెద్ద ముక్కను అందుకోగలదో ముందే చెబుతుంది. టన్నెల్ 1380 అయితే ల్యాప్‌టాప్ 1340 బైట్ల ముక్క చాలని చెబుతుంది, సర్వర్ దాన్ని మించి పంపదు. హెడర్లతో కలిపి 1380, దానికి 80 కలిపితే 1460, లైనులో పట్టినట్టే. ఇంటి రౌటర్లలో చాలావరకు పీపీపీఓఈ కోసం ఈ సంఖ్యను తామే తగ్గించే ఏర్పాటు ఉంటుంది గానీ, టన్నెల్ లోపల గుప్తంగా ఉన్న ఆ మాటను రౌటర్ చదవలేదు. అందుకే మామూలు వెబ్‌సైట్లన్నీ బాగుండి కంపెనీ సైట్లు మాత్రమే ఆగిపోతాయి.

ఈ చికిత్సకు పరిమితి ఉంది. ఈ ముందస్తు ఒప్పందం టీసీపీకే ఉంటుంది, యూడీపీ మీద లోపలి సర్వర్ నుంచి వచ్చే పెద్ద ప్యాకెట్లకు వర్తించదు. కాబట్టి గేట్‌వే వైపు టన్నెల్ ఎంటీయూను కూడా 1380కి తగ్గించి, ఫైర్‌వాల్‌లో టైప్ 2 సందేశాన్ని లోపలికి అనుమతించిన తర్వాతే ఈ టికెట్‌ను మూసివేశాం. సందేశాన్ని అనుమతిస్తే చాలదా అని మా బృందంలోనే ఒకరు అడిగారు. ఒక్కదానితోనే సరిపెడితే గేట్‌వే ప్రతి నిండు ప్యాకెట్‌నూ రెండు ఐపీవీ6 ముక్కలుగా పంపాల్సి వస్తుంది, అలాంటి ముక్కలను పారేసే నెట్‌వర్కులు ఉన్నాయి. మొదటినుంచే పట్టే పరిమాణంలో పంపడం నయం. 1380 బదులు సరిగ్గా హద్దు వరకు, అంటే 1412 వరకు పెట్టవచ్చు కదా అన్న ప్రశ్నకు నా సమాధానం ఏమిటంటే, ఆ కొద్ది బైట్ల వల్ల వేగంలో కంటికి కనిపించే తేడా రాదు, కానీ మరికొంత ఇరుకైన లైను ఎదురైనప్పుడు ఆ ఖాళీయే కాపాడుతుంది. పైగా వైర్‌గార్డ్ లోపలి డేటాను 16 బైట్ల గుణిజానికి నింపుతుంది, కాబట్టి పింగ్‌తో బైటు బైటుగా హద్దు వెతికితే దొరికే సంఖ్య లెక్కతో సరిగ్గా కలవదు కూడా.

ఈ కేసు తర్వాత జాబితాను తిరగరాశాం. అంశాల సంఖ్య పెంచడం మా ఉద్దేశం కాదు. ప్రతి అంశం విఫలమయ్యే అవకాశం ఉన్న పరీక్షగా ఉండాలన్నదే నియమంగా పెట్టుకున్నాం. Active అన్న మాట చూడటం ఆ నియమానికి నిలవలేదు, తీసేశాం.

ఇప్పుడు వీపీఎన్ ఆన్ చేయకముందే ఉద్యోగి నాలుగు పనులు చేస్తారు. సహాయ విభాగం ఫోన్ నంబరును కాగితం మీద రాసుకుంటారు, ఎందుకంటే టికెట్ పెట్టే పోర్టల్ వీపీఎన్ వెనకే ఉంటుంది. ల్యాప్‌టాప్ గడియారం తనంతట తాను సరిచేసుకుంటోందో లేదో చూస్తారు. రెండో దశ ధ్రువీకరణ కోడ్ సాధారణంగా 30 సెకన్లకు మారుతుంది కనుక, కోడ్ ఇచ్చే ఫోన్ గడియారం కూడా సరిగా ఉండాలి. తర్వాత ipconfig ఇచ్చిన ఇంటి పరిధిని రాసి పెడతారు. క్లయింట్‌ను కంపెనీ ఇచ్చిన చోటు నుంచి మాత్రమే దించుకుని, Get-FileHash చూపే హ్యాష్‌ను, అంటే ఫైలు వేలిముద్ర లాంటి విలువను, తమకు వేరుగా అందిన విలువతో పోల్చాకే ఇన్‌స్టాల్ చేస్తారు.

ఆన్ చేశాక హ్యాండ్‌షేక్ సమయం చూడటం, Resolve-DnsName తో ఒక లోపలి పేరును అడగటం, పైన చెప్పిన రెండు పరిమాణాల్లో పింగ్ పంపడం వరుసగా జరుగుతాయి. కాన్ఫిగరేషన్ ఇప్పుడు 1380తోనే వస్తుంది కనుక 1352 పింగ్‌కు జవాబు రావాలి, 1392 పింగ్‌కు DF set అన్న మాట రావాలి. రెండోది విఫలం కావడమే సరైన ఫలితమని జాబితాలో స్పష్టంగా రాశాం, లేకపోతే కొత్తవారు కంగారు పడతారు.

పింగ్ తర్వాత అసలు పరీక్ష ఫైలుది. హెచ్‌టీటీపీఎస్ మీద ఉన్న 20 ఎంబీ పరీక్ష ఫైలును పోర్టల్ నుంచి దించుకుని, మళ్లీ పైకి ఎక్కించి, రెండు చోట్లా హ్యాష్ ఒకటేనని చూడాలి. దించడం, ఎక్కించడం రెండూ ఉండాలని పట్టుబట్టడానికి కారణం పైన చెప్పిన కథలోనే ఉంది. ఇంటివైపు నుంచి వెళ్లే దారిలో కబురు చెప్పే రౌటర్ వేరు, కంపెనీ వైపు నుంచి వచ్చే దారిలో కబురు చెప్పే రౌటర్ వేరు. ఒక వైపు బాగుండి మరో వైపు పాడయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

ఆ తర్వాత వీపీఎన్‌ను ఆపి, అదే ఫైలును కొత్తగా తెరిచిన ప్రైవేట్ విండోలో మళ్లీ అడగాలి. ఇప్పుడది రాకూడదు. వస్తే, అంతవరకు చేసిన పరీక్షలన్నీ టన్నెల్‌ను పరీక్షించలేదని, ఆ సర్వర్ బయటికే తెరిచి ఉందని అర్థం. అది వెంటనే మాకు తెలియాలి. అదే సమయంలో, వీపీఎన్ ఉన్నా లేకపోయినా బయటి వెబ్‌సైట్లకు కనిపించే ఐపీ చిరునామా మారకపోవడం మా ఏర్పాటులో లోపం కాదు. లోపలి రద్దీ మాత్రమే టన్నెల్‌లోకి వెళుతుంది కనుక అది అలాగే ఉండాలి. దీన్ని తప్పుగా భావించి వచ్చే ఫోన్లు తగ్గడానికి ఆ వాక్యాన్ని జాబితాలోనే చేర్చాం.

చివరగా ల్యాప్‌టాప్‌ను నిద్రపుచ్చి, కొంతసేపటికి లేపి, హ్యాండ్‌షేక్ తిరిగి వచ్చిందేమో చూసి, ఆ పైన ఫోన్ హాట్‌స్పాట్‌కు మారి 1352 పింగ్‌నూ ఫైలు పరీక్షనూ మరోసారి చేయాలి. మొబైల్ నెట్‌వర్క్ దారి ఇంటి లైను దారికి పూర్తిగా భిన్నమైనది, కొన్నిచోట్ల ఇంకా ఇరుకుగా ఉంటుంది. హాట్‌స్పాట్ మీద 1352 పింగ్ కూడా Request timed out అంటే, ఆ ఉద్యోగికి మాత్రం ఎంటీయూను 1280కి తగ్గిస్తాం. ఐపీవీ6 నడిచే ప్రతి లైనూ కనీసం 1280 మోయాలన్నది ప్రమాణం, కానీ మన 80 బైట్లు దానిపైన చేరతాయి కాబట్టి 1280కి కూడా ఆగిపోయే లైను అరుదుగానైనా ఎదురుకావచ్చు. అప్పుడు ఎంటీయూను ఇంకా తగ్గించడానికి ముందు Endpoint వరుసలో ఏ రకం చిరునామా ఉందో అడుగుతాం, ఐపీవీ6 అయితే ఐపీవీ4కు మార్చి, 1280కి సరిపోయేలా 1252 పింగ్‌ను మళ్లీ నడపమంటాం.